ఇస్త్రీ చేసిన ఉత్తరం

రెండువేల ఐదులో ఒక ఆదివారం చర్చి అయ్యాక, నందిగామలో యాంతి ఇంటికి ముగ్గురం వెళ్ళాం. నేను, మా అమ్మాయి జాయిస్, దాని మొగుడు రత్నబాబు. రత్నబాబు పరాయివాడేం కాదు, మా అక్క కొడుకే. జగ్గయ్యపేటలో బస్సెక్కింది మొదలు దిగేదాకా వాడే మాట్లాడాడు. నేను కిటికీ పక్కన కూచున్నా.

యాంతిది ఇండొనేసియా. కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళినప్పుడు అక్కడే నందిగామ చిన్నబాబుని చేసుకుని ఈ ఊరొచ్చింది. చిన్నబాబు సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు. కొట్టు వెనకే ఇల్లు. యాంతి నన్ను "ఓం" అని పిలుస్తుంది. వాళ్ళ భాషలో బాబాయనో, మావయ్యనో. చిన్నబాబు ప్రతిసారీ నవ్వుతాడు.

"ఏంది స్తెఫను బాబాయ్, చర్చి నించి వచ్చేవాణ్ణి పట్టుకుని ఓం ఓం అంటది. పాస్టరుగారు వింటే నిన్ను మళ్ళీ బాప్తిస్మం తొట్టిలో ముంచుతారు."

నేను కుర్చీ లాక్కుని కూచున్నా.

పని ఇదీ. నేను సిమెంటు ఫ్యాక్టరీల్లో ఇటిక మేస్త్రీని. గోడల ఇటిక కాదు. సిమెంటు కాల్చే పెద్ద ఇనప గొట్టం ఉంటది, అడ్డంగా పడుకుని తిరుగుతా ఉంటది. దాన్ని కిల్న్ అంటారు. దాని లోపల నిప్పుని తట్టుకునే ఇటిక పేర్చాలి, లేకపోతే ఇనుము కరిగిపోద్ది. మా పేట చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో చేశా. తొంభై నాలుగులో ఒక కంట్రాక్టరు నన్ను ఇండొనేసియా తీసుకెళ్ళాడు. జకార్తాకి దగ్గర. ఆరేళ్ళున్నా. ఆఖరి రెండేళ్ళు రత్నబాబుని హెల్పరుగా పిలిపించుకున్నా.

తిరిగొచ్చాక ఇక్కడ పని దొరకలా. ఇక్కడి కంట్రాక్టర్లు ఎవరి గుంపు వాళ్ళు తెచ్చుకుంటున్నారు. "పెద్దాయనా, కూచో" అంటారు. మిరపకాయల కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర స్టూలు వేశారు. అక్కడ కూచుంటున్నా. లారీ వస్తే గేటు తీస్తా. ఇటిక పట్టుకుని అప్పటికి ఐదేళ్ళు.

అప్పుడు డార్తో కబురు పెట్టాడు. డార్తో నాతో పాటు ఆ గొట్టంలో పనిచేసినవాడు. ఇప్పుడు వాడక్కడ ఫోర్మన్. రత్నబాబు పేటలో నెట్ సెంటర్‌కి పోయి వాడితో చాటింగ్ చేస్తా ఉంటాడు. కొత్త కంపెనీ, మేస్త్రీ ఒకడు కావాలి, బాగుంటే ఇద్దర్ని తీసుకుంటారు, హెల్పర్లు మాత్రం అక్కడివాళ్ళే. దరఖాస్తు వాళ్ళ భాషలోనే ఉండాలి, చేత్తో రాయాలి, పద్ధతిగా ఉండాలి. భాష వచ్చినవాడని ఆఫీసుకి తెలియాలిగా. "ఓంని రమ్మను. వయసు సంగతి నేను చూసుకుంటా" అన్నాడంట. నన్ను పేరుపెట్టి అడిగిన చోటు భూమ్మీద అదొక్కటే ఉంది.

రత్నబాబు నెట్ సెంటర్లో తనకి వచ్చినట్టు రాసి ప్రింటు తీయించాడు. ఆ కాగితం యాంతి చేతికిచ్చాడు. యాంతి చదివింది. చదివి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"రత్నా, ఇది ఎవరికి? ఆఫీసుకా, గర్ల్‌ఫ్రెండుకా?"

"ఆఫీసుకే అక్కా. ఎందుకలా అడుగుతున్నావ్? తప్పులున్నాయా?"

"తప్పులు కాదు. ఫ్రెండుకి అయితే కరెక్ట్. అక్షరాలు సగం తినేశావ్. ఆకలేసిందా?"

చిన్నబాబు కొట్టులోంచి, "సెల్లులో మెసేజికి అక్షరాలు లెక్కే కదా, అలవాటైపోయింది పాపం" అన్నాడు.

యాంతి వాళ్ళ ఊళ్ళో పన్నెండు చదివి, పెళ్ళి కాకముందు పంచాయితీ ఆఫీసులాంటి దాంట్లో టైపు కొట్టేది. ఉత్తరాలు రాయడం దానికి తెలుసు. తెల్లకాగితం తీసి, ఒక్కోమాట చూపిస్తా చెప్పింది. 'గువె' అంటే నేను. అది జకార్తా వీధిలో నేను. ఆఫీసుకి రాసేటప్పుడు 'సాయ' అనాలి. 'ఉదా' అంటే అయిపోయిందని, మేం అనే ఆ మాట కాగితం మీద 'తెలా' అవుద్ది. 'ఎంగా' అంటే కాదు, దాన్ని 'తిదాక్' అని నిండుగా రాయాలి. పొట్టి చేసిన మాటలన్నీ విప్పాలి. మాట చివర 'దోంగ్' అని, 'సిహ్' అని తోకలుంటాయి, మనం 'లే' అని, 'గా' అని అన్నట్టు. అవి కత్తిరించాలి.

"మాటలు మారిస్తే చాలదు. వరస కూడా ఉంది" అంది. పైన ఊరు, తారీకు. తర్వాత విషయం. తర్వాత ఆఫీసులో ఎవరికో వాళ్ళ పదవి. 'దెంగన్ హోర్మత్' అని మొదలు, అంటే గౌరవంతో అని. ఉద్యోగం ఉన్నట్టు ఎవరివల్ల తెలిసింది, ఏ పనికి అడుగుతున్నావ్, ఏం వచ్చు, ఏం కాగితాలు జతపరిచావ్. ఇంటర్వ్యూకి పిలుస్తారని ఆశ, చదివినందుకు కృతజ్ఞతలు. కింద 'హోర్మత్ సాయ', అంటే ఇట్లు గౌరవంతో నేను అని, సంతకం, పేరు.

"ఓం, నువ్వు చెప్పు. మామూలుగా మాట్లాడు. నేను మారుస్తా."

చెప్పా. నేను ఎక్కువ మాట్లాడను. ఆ భాషలో అయితే కొంచెం నయం, అది నాకు పనిలో వచ్చిన భాష. యాంతి తోడి తోడి అడిగింది. ఎన్ని కిల్న్‌లు? ఎంత పొడవు? ప్రమాదం ఏమన్నా జరిగిందా?

జరిగిందని చెప్పా. గొట్టం లోపల కింద సగం ఇటిక పేర్చి, జాకీలు అడ్డంగా పెట్టి బిగించి, గొట్టాన్ని తిప్పుతారు. పేర్చిన సగం పైకెళ్తది. అప్పుడు ఖాళీ సగం కిందికొస్తే దాన్ని పేర్చాలి. మా నెత్తిమీద ఇటికని జాకీలే ఆపుతాయి. ఒకరోజు అట్లా పని చేస్తుంటే నా మెడమీద పొడి రాలింది. ఇసక కాదు, ఇటిక పొడి. జాకీ జారతందని తెలిసింది. "బయటికి, బయటికి" అని అరిచి అందర్నీ తోశా. ఆఖరివాడు బయట పడ్డాక ఇటిక కూలింది. మళ్ళీ మొదటినించీ నేనే పేర్చా.

ఇది నేను వాళ్ళ వీధి భాషలో ఎట్లా చెప్పానంటే, "ఏమే యాంతీ, మెడమీద పొడి పడింది, నేనేమో అరిచా, పరిగెత్తండ్రా సన్నాసుల్లారా అని, వాళ్ళు పరిగెత్తారు లే" అన్నట్టు.

యాంతి రాసింది చదివి వినిపించింది. దాన్ని తెలుగులో చెబితే ఇట్లా ఉంటది: "సదరు కిల్న్ నందు పునర్నిర్మాణ సమయమున సంభవింపనున్న ప్రమాదమును ముందుగా గుర్తించి, పనివారలందరినీ సురక్షితముగా వెలుపలికి పంపి, తదుపరి ఆ భాగమును నేనే పూర్తిచేసితిని."

"ఇది నేను కాదు" అన్నా.

"నువ్వే ఓం. ఇస్త్రీ చేసిన నువ్వు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వా అనుకుంటా.

"సన్నాసులు ఎక్కడికి పోయారు?" అని చిన్నబాబు అడిగాడు.

"సన్నాసులు ఇప్పుడు 'పనివారలు'. ప్రమోషన్ వచ్చింది" అంది యాంతి.

నాది పేజీ నిండింది. రత్నబాబుది సగం పేజీకే ఆగింది. వాడు అక్కడ ఇటిక మోసి, ఇటికల మధ్య పూసే మసాలా కలిపిచ్చేవాడు. పేర్చింది లేదు. యాంతి పద్ధతిగా రాసినా ఆ రెండు పనులే ఉన్నాయి. వాడు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు.

"అక్కా, నాది ఇంకొంచెం లాగలేవా?"

"లేనిది ఎట్లా లాగుతా? మాట మార్చడం నా పని. పని మార్చడం కాదు."

కంపెనీకి చేతిరాత కావాలి. నిజానికి ఎవరిది వాళ్ళే రాయాలంట. నేను మూడు చదివా, తెలుగు అక్షరాలే కూడబలుక్కుంటా. వాళ్ళ భాష రాసేది ఇంగ్లీషు అక్షరాల్లో, అది నా వల్ల ఏమవుద్ది. జాయిస్ రాత గుండ్రంగా ఉంటది, కాన్వెంటు బళ్ళో పిల్లలకి చెబుతది. అదే రెండూ రాస్తానంది. యాంతి సరే అంది. "సంతకం మాత్రం ఎవరిది వాళ్ళు."

పేట వచ్చాక జాయిస్ గీతల పెద్ద కాగితాలు కొని, నల్ల పెన్నుతో నాది రాసింది. తప్పు పడితే కొట్టేయలా, కాగితం మార్చి మళ్ళీ రాసింది. నేను పక్కనే కూచుని చూశా. వాళ్ళమ్మ పోయాక నా కోసం అది అంత సేపు కూచోడం అప్పుడే. కింద సంతకం పెట్టా. రత్నబాబు కవర్లు తీసుకుని పోస్టాఫీసుకెళ్ళాడు.

ఆ రోజునించీ గేటు దగ్గర స్టూలు మీద కూచున్నా నేను అక్కడ లేను. పాత తాపీ తీసి తుడిచా. జాకీ పెట్టే లెక్క చేతివేళ్ళ మీద వేసుకున్నా. లారీ హారన్ కొడితే, "ఏం పెద్దాయనా, నిద్రా?" అని డ్రైవర్లు తిట్టారు. పడ్డా.

వానలు మొదలయ్యాక ఒక పొద్దున రత్నబాబు స్నానం చేస్తుంటే వాడి సెల్లు మోగింది. మా వాటా, వాళ్ళ వాటా ఒకటే వసారా. జాయిస్ బడికెళ్ళింది. ఎత్తా.

డార్తో.

"ఓం! ఓం నువ్వేనా! మోకాలు ఎట్లా ఉంది?"

"మోకాలా?"

"రత్నా చెప్పాడులే. నడవలేకపోతున్నావంట. పనికి దండం పెట్టేశావంట. నేను బాధపడ్డా ఓం. కానీ ఒక మాట చెప్పనా? నీలాంటి మనిషి ఉండడు. ఉత్తరం చూశా. జాకీ జారిన సంగతి, నాలుగు కిల్న్‌లు, అన్నీ వాడి పేరు మీద ఉన్నాయి. చదవంగానే తెలిసింది, ఇది ఓం కథ అని. అల్లుడికి ఇచ్చేశావు కదా? ఆఫీసులో నేనేం అనలా. నీ దానం నేనెందుకు చెడగొడతా. వాళ్ళకి అన్నీ ఒకలాగే ఉంటాయి, పద్ధతిగా రాస్తే ఎవరిదైనా ఒకటే. ఫోన్లో ఇంటర్వ్యూ కూడా అయిపోయింది. వీసా కాగితాలు పంపుతున్నారని చెప్పు."

నేను సెల్లు చెవికి అదిమి పట్టుకున్నా.

"ఓం? ఏడుస్తున్నావా? ఏడవకు. మంచి పని చేశావు."

రత్నబాబు తువ్వాలు చుట్టుకుని వచ్చాడు. సెల్లు నా చెవి దగ్గర చూసి అక్కడే ఆగాడు. సెల్లు వాడి చేతిలో పెట్టా. చెప్పులేసుకుని బస్టాండుకెళ్ళా.

నందిగామలో యాంతి బియ్యం చెరుగుతా ఉంది. నన్ను చూసి కుర్చీ తెచ్చింది. కింద నా మోకాళ్ళు చూసింది.

"ఓం, ఒక్కడివే వచ్చావా? బస్సు ఎట్లా ఎక్కావు?"

"కాళ్ళతో."

చేట కింద పెట్టింది. దానికి అప్పుడే అర్థమైంది.

"మీరొచ్చిన మూడో రోజు వాళ్ళిద్దరూ వచ్చారు ఓం. నాన్నకి మోకాలు పోయింది, వెళ్ళలేడు, తన పని అంతా రత్నాకి ఇచ్చేయమన్నాడు అని చెప్పారు. నేను ఒప్పుకోలా. ఇది పద్ధతి కాదన్నా. ఫోన్ చేసి ఓంని అడుగుతా అన్నా. అప్పుడు ఏడుపు మొదలైంది. మనిషి సిగ్గుపడుతున్నాడు, అడగొద్దు అన్నారు."

"ఎవరు ఏడ్చింది?"

యాంతి నా వైపు చూడలా. "జాయిస్."

రత్నబాబు అని ఉంటే నాకు వేరేగా ఉండేది. వాడు ఆ సగం కాగితం చూసినప్పుడే వాడి కళ్ళు నేను చూశా. కానీ నా పక్కన కూచుని తప్పు పడితే కాగితం మార్చిన పిల్ల. నా ఉత్తరం ఇంకోసారి రాసింది, అదే గుండ్రటి రాతతో, కింద వేరే పేరుతో.

"నాది ఎక్కడుంది?" అన్నా.

"నాకు తెలియదు. పోస్టు చేసి ఉండరు."

"మళ్ళీ రాయి. సంతకం పెడతా. నేనే పోస్టు చేస్తా."

యాంతి తన భాషలో మెల్లగా చెప్పింది, నాకు సరిగా అర్థం కావాలని.

"ఇప్పుడు పంపితే, ఒకే ఊరినించి, ఒకే చేతినించి వచ్చిన కథ రెండు ఉత్తరాల్లో ఉంటది. ముందు వెళ్ళింది రత్నాది. నీదే కాపీ అంటారు. ఆఫీసువాళ్ళు నీ గొంతు వినలేదు ఓం. నువ్వు చెప్పినట్టే, ఆ సన్నాసులతో, ఆ తోకలతో ఉంటే ఎవరూ దొంగిలించలేరు. అది నువ్వు తప్ప ఇంకొకరు కాదని చదివినవాళ్ళకి తెలిసేది. నేను అన్నీ తీసేశాను. నున్నగా చేశాను. ఇప్పుడది ఎవరికైనా సరిపోద్ది."

"డార్తోకి చెబితే?"

"చెప్పు. నేనే ఫోన్ కలుపుతా. కానీ సిఫారసు చేసింది డార్తో. అబద్ధం ఉత్తరం లోపలికి పంపాడని ముందు అతన్నే అడుగుతారు. రత్నాది పోద్ది. నీదీ రాదు."

కొట్టులో చిన్నబాబు ఏదో సెల్లు మోగించి చూస్తున్నాడు. ఒకటే పాట ముక్క మళ్ళీ మళ్ళీ వస్తా ఉంది. లేచా. యాంతి అన్నం తినమంది. తినలా.

ఇంటికొచ్చేసరికి జాయిస్ బడినించి వచ్చి వసారాలో నిలబడి ఉంది. రత్నబాబు లోపల ఉన్నాడు, బయటికి రాలా.

"నాన్నా, కూచో. నేను చెప్పేది విను."

నిలబడే ఉన్నా.

"నీకు అరవై దగ్గర పడుతున్నాయి. అక్కడ నీకేమన్నా అయితే ఎవరు చూస్తారు? నువ్వెళ్ళినా రెండేళ్ళు, మూడేళ్ళు. ఈయన వెళితే పదేళ్ళు చెయ్యగలడు. ఇక్కడ ఈయనకి ఏముంది చెప్పు? ఎక్కడా కుదురుగా పని లేదు. నేను నీకు అన్యాయం చెయ్యాలని కాదు."

"అడిగావా?"

"అడిగితే ఇచ్చేవాడివి నాన్నా. నాకు తెలుసు."

"అడగలేదుగా."

అది ఏడ్చింది. యాంతి ఇంట్లో కూడా ఇట్లాగే ఏడ్చి ఉంటది. ఇది నిజం ఏడుపే. అదీ నిజం ఏడుపే అయి ఉంటది. తేడా నాకు తెలియలా, అందుకే ఓదార్చలా.

"మరి నాది ఏం చేశారు?"

"పొయ్యిలో పెట్టాం" అంది.

లోపలినించి రత్నబాబు, "మావయ్యా, నేనే పెట్టా. దాన్ని అనకు" అన్నాడు. గుమ్మం దాటి రాలా.

వాడితో నాలుగు రోజులు మాట్లాడలా. మామూలుగానే నేను మాట్లాడను కాబట్టి వీధిలో ఎవరికీ తేడా తెలియలా. జాయిస్ అన్నం గిన్నె నా వాటా గుమ్మంలో పెట్టి వెళ్ళేది. తిన్నా. ఆకలి మానదు. వాడు ఫోన్లో ఇంటర్వ్యూ మాటలు వల్లెవేసుకున్న కాగితం ఇంకా వాళ్ళ వాటాలో గోడకి అంటించి ఉంది. యాంతి రాసిచ్చిన మాటలంట, మోకాలి అబద్ధం నమ్మిన రోజుల్లో. వాటిని చిలకలాగా చెప్పి నెగ్గాడు. వాళ్ళకి కావాల్సింది అదే. మెడమీద పొడి రాలితే ఏం చెయ్యాలో ఫోన్లో ఎవరూ అడగలా.

గేటు దగ్గర కూచుని అదే ఆలోచించా. వాడు మేస్త్రీగా వెళ్తున్నాడు. ఉత్తరంలో వాడు కూలే ఇటికని ముందే పసిగట్టేవాడు. రేపు గొట్టం తిప్పినాక, నెత్తిమీద ఇటిక పెట్టుకుని, హెల్పర్లు వాడి మాట కోసం చూస్తారు. డార్తో కూడా చూస్తాడు. నేనే నేర్పి పంపానన్న నమ్మకంతో వాడి కింద నిలబడతారు.

ఐదో రోజు సాయంత్రం వీధి చివర మునిసిపాలిటీ వాళ్ళు వదిలేసిన సిమెంటు తూము దగ్గరికెళ్ళా. మనిషి వంగి దూరేంత ఉంటది. ముక్కల ఇటిక నాలుగు తట్టలు మోయించి పోశా. రత్నబాబుని పిలిచా.

"ఏవయ్యా, ఇట్రా."

వాడు బిత్తరపోయాడు. నేను వాణ్ణి పుట్టినప్పటినించీ "అల్లుడూ" అనే పిలిచా. వచ్చాడు. తూములో కూచోబెట్టా. కింద సగం పేర్చమన్నా. పేర్చాడు. రెండు వేళ్ళ సందు ఉంది. తన్నా. కూలింది. మళ్ళీ పేర్చమన్నా. కర్రముక్కలు జాకీల్లాగా అడ్డంగా బిగించి చూపించా. ఒకటి సగం వదులు చేసి, కింద చెయ్యి పెట్టమన్నా. పొడి రాలింది వాడి మణికట్టు మీద.

"ఇదా మావయ్యా?"

"ఇది కనపడదు. తగులుద్ది. తగిలినప్పుడు ఆలోచించకూడదు. అరవాలి."

వాడు జేబులోంచి పెన్ను, కాగితం తీశాడు.

"దీన్ని వాళ్ళ భాషలో ఏమంటారు మావయ్యా? ఆఫీసులో రిపోర్టు రాయమంటే?"

"ఆఫీసు భాష నాకు రాదు. వెళ్ళి యాంతిని అడుగు."

"కోపం పోలేదా?"

"ఇది నీ కోసం అనుకుంటున్నావా?"

జాయిస్ వసారాలోంచి చూస్తా ఉంది. నేను అటు చూడలా.

"పెన్ను లోపల పెట్టు. సందు లేకుండా మళ్ళీ పేర్చు" అన్నా.